గ్రీకులో ‘హొ, హే, తొ’ కనిపించిన ప్రతిచోటా తెలుగులో ‘ఆ’ పెట్టాలా?

ప్రశ్న: కొయినే గ్రీకు ఏడాదిగా నేర్చుకుంటున్నాను. కొత్త నిబంధనలోని భాగాలు తీసుకుని సొంతంగా తెలుగు చేసి చూసుకుంటున్నాను. మనుషుల పేర్ల ముందు, ప్రేమ, విశ్వాసం, పాపం లాంటి మాటల ముందు ‘హొ, హే, తొ’ అనే ఆర్టికల్ వస్తోంది. పాఠ్యపుస్తకం వదిలేయమంటుంది గానీ కారణం చెప్పదు. వదిలేస్తే అర్థంలో ఏదో పోతోందేమోనని అనుమానం. తెలుగులో ఎప్పుడు వదిలేయొచ్చు, ఎప్పుడు ‘ఆ’ పెట్టాలి?

జవాబు:

చాలావరకు వదిలేయండి. అయితే ఆర్టికల్ అక్కడ ఏ పని చేస్తోందో చూసుకున్నాకే వదలాలి. తెలుగులో ‘ఆ’ ఆర్టికల్ కాదు. అది ‘ఏ?’ అన్న ప్రశ్నకు జవాబు. ‘ఏ ఇల్లు?’ అంటే ‘ఆ ఇల్లు’. ఆ ప్రశ్నకు తావు లేనిచోట ‘ఆ’ పెడితే, వినేవాళ్లు లేని ప్రశ్నను వెతుక్కుంటారు.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. చాలా ఏళ్ల కిందట మొదటి కొరింథీయుల పత్రిక 13వ అధ్యాయాన్ని తెలుగు చేసి, కొద్దిమంది కూర్చున్నచోట చదివి వినిపించాను. 4వ వచనం గ్రీకులో ‘హే అగాపే మక్రొథుమెయ్’ అని మొదలవుతుంది. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహం, ఒక్క అక్షరం కూడా జారిపోకూడదన్న పట్టుదల. అందుకని ‘ఆ ప్రేమ ఓర్చుకుంటుంది, ఆ ప్రేమ దయ చూపిస్తుంది’ అని రాశాను. గ్రీకు ముక్క కూడా తెలియని ఒక పెద్దావిడ మధ్యలో ఆపి, ‘ఏ ప్రేమ బాబూ? ఇందాక రెండు మూడు రకాల ప్రేమలు చెప్పావా, నేను వినలేదా?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే పౌలు రెండు మూడు రకాలు చెప్పలేదు. ఆవిడ వేసిన ప్రశ్నే ఇప్పటికీ నా కొలబద్ద.

(గ్రీకు మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. హ్రస్వ ఒకారం, దీర్ఘ ఓకారం మనకు వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఒమిక్రాన్‌ను ‘ఒ’తో, ఒమేగాను ‘ఓ’తో రాయొచ్చు. ఎప్సిలాన్‌కు ‘ఎ’, ఏటాకు ‘ఏ’. ఈ విషయంలో మన లిపి పుణ్యం చేసుకుంది.)

ముందు పేర్ల సంగతి చూద్దాం. అక్కడ ఆర్టికల్ చేసే పని కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

మత్తయి మొదటి అధ్యాయం తెరవండి. వంశావళి అని దాన్ని దాటేస్తారు గానీ, ఈ విషయానికి దాన్ని మించిన పాఠం లేదు. 2వ వచనం ఇలా ఉంటుంది: ‘అబ్రాఆమ్ ఎగెన్నేసెన్ తొన్ ఇసాఆక్, ఇసాఆక్ దె ఎగెన్నేసెన్ తొన్ ఇయాకోబ్’. ‘ఎగెన్నేసెన్’ అంటే కనెను. ‘దె’ అంటే మరి, అయితే. ఇప్పుడు ‘తొన్’ ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో గమనించండి. అబ్రాహాముకు లేదు. ఇస్సాకు మొదటిసారి వచ్చినప్పుడు ఉంది, వెంటనే రెండోసారి వచ్చినప్పుడు లేదు. యాకోబుకు మళ్లీ ఉంది.

‘ముందు చెప్పిన వ్యక్తిని మళ్లీ చెప్పేటప్పుడు ఆర్టికల్ వస్తుంది’ అన్న సూత్రం మీరు చదివే ఉంటారు. ఆ సూత్రం ప్రకారమైతే ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది. కొత్తగా వచ్చిన ఇస్సాకుకు ఆర్టికల్ ఉంది, అప్పుడే పరిచయమైన ఇస్సాకుకు లేదు. కాబట్టి ఇక్కడి ‘తొన్’ గుర్తు చేయడానికి వచ్చింది కాదు. మరెందుకు వచ్చింది?

అబ్రాఆమ్, ఇసాఆక్, ఇయాకోబ్ హీబ్రూ పేర్లు. గ్రీకులోకి వచ్చాక వీటికి విభక్తి రూపాలు ఏర్పడలేదు. కర్తగా ఉన్నా, కర్మగా ఉన్నా ‘ఇసాఆక్’ ఇసాఆక్‌గానే ఉంటుంది. పైగా గ్రీకులో పదాల వరుస స్వేచ్ఛగా మారుతుంది. ‘అబ్రాఆమ్ ఎగెన్నేసెన్ ఇసాఆక్’ అని వదిలేస్తే ఎవరు ఎవరిని కన్నారో వ్యాకరణం చెప్పదు. పేరు మారదు గనక దాని ముందున్న ఆర్టికల్ మారి ఆ సంగతి చెబుతోంది. ‘తొన్’ ద్వితీయా విభక్తి రూపం. అంటే ‘తొన్ ఇసాఆక్’లోని ‘తొన్’కు తెలుగు ‘ఆ’ కాదు, ‘ను’. వాడుకలో ఉన్న పాత తెలుగు అనువాదం ‘అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను’ అంటుంది. ఆర్టికల్ ఎక్కడికీ పోలేదు. గ్రీకులో పేరుకు ముందున్నది తెలుగులో పేరుకు వెనక చేరింది.

మీరు ‘వదిలేస్తే ఏదో పోతోందేమో’ అన్నారే, దానికి సగం జవాబు ఇదే. విభక్తి ప్రత్యయాలు లేని భాషలోకి అనువదించేవాళ్లు ఆ ఆర్టికల్‌ను నిజంగానే పారేసి పదాల వరుసతో నెట్టుకొస్తారు. మనం పారేయడం లేదు. ‘ఆ ఇస్సాకును’ అని రాస్తే ఒకే పనికి ఇద్దరిని పెట్టినట్టవుతుంది.

యూదా, సొలొమోను లాంటి కొన్ని పేర్లకు గ్రీకులో విభక్తి రూపాలు ఉన్నాయి. అయినా ఈ వంశావళిలో వాటి ముందు కూడా ‘తొన్’ ఉంది. వరుసలో ఒక పద్ధతి నడుస్తున్నప్పుడు మధ్యలో ఆపరు కదా. అక్కడా తెలుగుకు ‘ను’ చాలు.

అదే వరుసలో కొంచెం కిందికి వెళ్తే అసలు తేడా బయటపడుతుంది. 3వ వచనంలో ‘ఎక్ తేస్ థమార్’ అని ఉంది. ‘తేస్’ స్త్రీలింగ షష్ఠీ రూపం. థమార్ అన్న పేరు మారదు కాబట్టి మళ్లీ ఆర్టికల్ విభక్తిని మోస్తోంది. తెలుగులో ‘తామారు వల్ల’, ‘తామారునందు’, ‘తామారుకు’ అంటూ మీ వాక్యం తీరును బట్టి ప్రత్యయం వస్తుంది. ‘ఆ’ రాదు. 6వ వచనంలో ‘తొన్ దవీద్ తొన్ బసిలెఆ’ అని రెండు ఆర్టికల్స్ ఉన్నాయి. మొదటి ‘తొన్’ మనకు తెలిసిన ‘ను’. రెండోది ‘రాజు’ అన్న మాటను దావీదుకు అతికిస్తోంది. ఆ అతుకు తెలుగులో ‘అయిన’: రాజైన దావీదును. రెండు ఆర్టికల్స్‌కూ తెలుగులో చోటు దొరికింది, ఒక్క ‘ఆ’ కూడా అక్కర్లేకుండా.

అదే వచనం చివర ‘ఎక్ తేస్ తూ ఊరియూ’ అని వస్తుంది. ఇక్కడ ఆగాలి. ‘తూ ఊరియూ’ అంటే ఊరియా యొక్క. మరి ‘తేస్’ తర్వాత నామవాచకం ఏది? లేదు. ఆర్టికల్ తానే నామవాచకం స్థానంలో కూర్చుంది. స్త్రీలింగం కాబట్టి ‘ఊరియాకు చెందిన ఆమె’, అంటే ఊరియా భార్య. ఇక్కడ ఆర్టికల్‌ను వదిలేస్తే మనిషే మాయమైపోతుంది. తెలుగులో ‘ఆమె’ అనో ‘భార్య’ అనో తప్పక రాయాలి. మూడు నాలుగు వచనాల నిడివిలోనే ‘తేస్ థమార్’లో తేస్‌కు మాట అక్కర్లేదు, ‘తేస్ తూ ఊరియూ’లో తేస్‌కు మాట లేకపోతే వాక్యమే లేదు. ఒకే రూపం, ఒకే విభక్తి. తేడా అంతా పక్కన ఆమె పేరు ఉందా లేదా అన్నదానిలోనే.

ఇక గుర్తు చేసే ఆర్టికల్ సంగతి. ఇది కూడా నిజమే, అపొస్తలుల కార్యముల్లో బాగా కనిపిస్తుంది. 8వ అధ్యాయం 5వ వచనంలో ఫిలిప్పు సమరయకు వెళ్లాడని చెప్పేటప్పుడు ‘ఫిలిప్పొస్ దె’ అని ఆర్టికల్ లేకుండా ఉంది. మరుసటి వచనంలోనే ‘హుపొ తూ ఫిలిప్పూ’ అని ఆర్టికల్‌తో వస్తుంది. 9వ వచనంలో ‘సిమోన్ అనే పేరుగల ఒక మనిషి’ అని పరిచయం చేసి, 13వ వచనంలో ‘హొ దె సిమోన్’ అంటాడు. ‘ఇప్పుడే చెప్పానే, ఆ సీమోను’ అని గ్రీకు చెవికి వినిపిస్తుంది కాబట్టి తెలుగులోనూ ‘ఆ సీమోను కూడా నమ్మాడు’ అని రాయాలనిపిస్తుంది.

రాసి పైకి చదవండి. తెలుగులో మనిషి పేరు ముందు ‘ఆ’ వట్టి గుర్తు కాదు. ‘ఆ సీమోను’ అంటే ఇంకో సీమోను కూడా ఉన్నాడన్నమాట, లేదా మాట్లాడేవాడికి సీమోను అంటే గిట్టదన్నమాట, అదీ కాకపోతే ఎంతో పేరుమోసిన సీమోను అన్నమాట. ‘ఆ సుబ్బారావు వచ్చాడు’ అని ఎవరైనా అంటే గొంతులో ఏముందోనని మనం చెవి రిక్కిస్తాం. గ్రీకు ‘హొ’లో ఆ గొంతు లేదు. మామూలు కథనంలో అది గాలిలాంటిది. సువార్తల్లో ‘హొ ఇయేసూస్’ అని ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టడం మొదలుపెడితే విసుగొస్తుంది. అన్నిచోట్లా ‘ఆ యేసు’ అని రాస్తే, రాసినవాడు ఆయనకు విరోధి అనుకుంటారు. ఈనాటి గ్రీకులోనైతే మనుషుల గురించి మాట్లాడేటప్పుడు పేరు ముందు ఆర్టికల్ మామూలుగా ఉండాల్సిందే, దానికి ప్రత్యేకార్థం వెతికేవాడు ఉండడు.

గ్రీకు రచయితకు ఆ గొంతు కావాలంటే వేరే మాట ఉంది. అదే అపొస్తలుల కార్యముల్లో 7వ అధ్యాయం 40వ వచనం చూడండి. మోషే కొండ మీద ఆలస్యం చేస్తున్నాడని జనం అహరోనుతో గొణుగుతారు: ‘హొ గార్ మోయుసేస్ హూతొస్...’ మమ్మల్ని ఐగుప్తు నుంచి తీసుకొచ్చిన ఈ మోషే ఏమైపోయాడో తెలియదు. ఇక్కడ ‘హొ’ కూడా ఉంది, ‘హూతొస్’ కూడా ఉంది. తెలుగులో ‘ఈ మోషే’ అన్న ఎత్తిపొడుపు హూతొస్ నుంచి వచ్చింది, హొ నుంచి కాదు. ప్రతి హొకూ ‘ఆ’ ఖర్చుపెట్టేస్తే, ‘ఈ’ అనే హూతొస్, ‘ఆ’ అనే ఎకెయ్నొస్ నిజంగా వచ్చినప్పుడు మీ చేతిలో ఏమీ మిగలదు. ‘ఆ’ను తగ్గించి వాడమనడానికి నాకు అన్నిటికంటే బలంగా తోచే కారణం ఇదే.

ఊళ్లు, నదుల పేర్ల దగ్గర కూడా దారి ఇదే, కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు కష్టమైన సగానికి వద్దాం: ప్రేమ, సత్యం, పాపం, మరణం. ఇవి పేర్లలా కావు. పేరు ముందు పొరపాటున ‘ఆ’ పెడితే వాక్యం వికారంగా ఉంటుంది, పట్టుబడిపోతుంది. భావవాచకం ముందు ‘ఆ’ పెడితే వాక్యం చక్కగానే ఉంటుంది, అర్థం మారిపోతుంది. ఎవరూ కనిపెట్టరు.

రోమీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 12వ వచనం తీసుకోండి. ‘ది హెనొస్ అంథ్రోపూ హే హమర్తియా ఎయిస్ తొన్ కొస్మొన్ ఎయిసేల్థెన్, కై దియా తేస్ హమర్తియాస్ హొ థనతొస్’. మాటకు మాట పెడితే: ఒక మనిషి ద్వారా హే పాపం లోకంలోకి ప్రవేశించింది, తేస్ పాపం ద్వారా హొ మరణం. ఒక విద్యార్థి దీన్ని నాకు ఇలా రాసి చూపించాడు: ‘ఒక మనిషి ద్వారా ఆ పాపం లోకంలోకి వచ్చింది, ఆ పాపం ద్వారా ఆ మరణం వచ్చింది.’ వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు పట్టుకోలేం. కానీ తెలుగు పాఠకుడు ఏమనుకుంటాడు? ముందు ‘ఒక మనిషి’ ఉన్నాడు, తర్వాత ‘ఆ పాపం’ ఉంది. అంటే ఆ మనిషి చేసిన ఫలానా పని. ‘ఆ మరణం’ అంటే ఆ మనిషి చావు. లోకమంతటి గురించి చెప్పిన మాట ఒక్కడి కథగా కుంచించుకుపోయింది.

పౌలు ఉద్దేశం అది కాదని ఎలా చెప్పగలం? ఊహించనక్కర్లేదు, పక్క వచనాలే చెబుతాయి. 13వ వచనంలో ధర్మశాస్త్రం రాకముందు కూడా పాపం లోకంలో ఉందంటాడు. అక్కడ ‘హమర్తియా’కు ఆర్టికల్ లేదు. ఉన్నది అదే పాపం, అదే లోకం. ఒక వచనంలో ‘హే హమర్తియా’, తర్వాతి వచనంలో వట్టి ‘హమర్తియా’. అర్థం మాత్రం కదల్లేదు. ఇక 14వ వచనంలో ఆదాము చేసిన ఫలానా పని గురించి చెప్పాల్సి వచ్చేసరికి పౌలు మాటే మార్చేశాడు: ‘తేస్ పరబసెఓస్ ఆదామ్’, ఆదాము చేసిన అతిక్రమం. పరబసిస్ అంటే గీత దాటడం. ఫలానా పని అని చెప్పాలంటే ఫలానా పేరూ ఇచ్చాడు. పాపం అన్నప్పుడు అది లోకంలోకి వచ్చి కూర్చున్న ఒక శక్తి. అదే వచనంలో మరణం ‘ఏలింది’ అని కూడా అంటాడు, రాజును గురించి చెప్పినట్టు.

కాబట్టి 12వ వచనం తెలుగులో: ‘ఒక మనిషి ద్వారా పాపం లోకంలోకి ప్రవేశించింది, పాపం ద్వారా మరణం ప్రవేశించింది.’ రెండోసారి వచ్చిన ‘తేస్ హమర్తియాస్’ ఇప్పుడే చెప్పినదాన్ని గుర్తు చేస్తోంది కదా అని మీరు అడగొచ్చు. కావచ్చు. అయినా తెలుగులో ‘పాపం... పాపం ద్వారా’ అని అదే మాటను మళ్లీ అనడంతోనే ఆ గుర్తు పడిపోయింది. పాత అనువాదం కూడా ‘పాపమును పాపముద్వారా మరణమును’ అని పక్కపక్కనే పెట్టి ఊరుకుంది. ఒక్కటే ఉన్న వస్తువును మళ్లీ తలచుకోవడానికి వేలు చూపించనక్కర్లేదు. సూర్యుడు ఉదయించాడు అన్నాక రెండో వాక్యంలో ‘ఆ సూర్యుడు’ అంటామా?

14వ వచనంలోని ‘తేస్ పరబసెఓస్’ దగ్గర ఆర్టికల్ నిజంగానే ఒక ఫలానా పనిని చూపిస్తోంది. అక్కడ కూడా తెలుగులో ‘ఆ’ రాలేదు చూశారా? ‘ఆదాము చేసిన’ అన్న విశేషణమే ‘ఏ అతిక్రమం?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పేసింది. భావవాచకం పక్కన షష్ఠి ఉన్నచోట దాదాపు ఎప్పుడూ ఇంతే.

మరి ‘ఆ’ తప్పనిసరైన చోటు ఏది? యాకోబు పత్రిక 2వ అధ్యాయం 14వ వచనం. ఒకడు తనకు విశ్వాసం ఉందని చెప్పుకుంటాడు, క్రియలు మాత్రం లేవు. ఇక్కడ మొదటి ‘పిస్తిన్’కు ఆర్టికల్ లేదు. వెంటనే ప్రశ్న: ‘మే దునతయ్ హే పిస్తిస్ సోసయ్ అవుతొన్?’ దీన్ని ‘విశ్వాసం అతన్ని రక్షించగలదా?’ అని తెలుగు చేస్తే యాకోబు విశ్వాసాన్నే కొట్టిపారేసినట్టు అవుతుంది. ఆయన అన్నది అది కాదు. ఆ పెద్దావిడ ప్రశ్న ఇక్కడ వేయండి: ‘ఏ విశ్వాసం?’ జవాబు ముందు వాక్యంలోనే సిద్ధంగా ఉంది: నోటితో చెప్పుకున్నది, క్రియలు లేనిది. పైగా దానికి పోటీగా ఇంకో రకం విశ్వాసం కూడా రంగంలో ఉంది. 18వ వచనంలో ‘నా క్రియల వల్ల నా విశ్వాసం చూపిస్తాను’ అన్న మాట వస్తుంది. రెండు రకాలు ఉన్నాయి కాబట్టి ఏదో చెప్పాలి. పాత అనువాదకులు ‘అట్టి విశ్వాసము’ అన్నారు. నాకు ఇది ‘ఆ విశ్వాసం’ కంటే బాగుంటుంది. యాకోబు చూపిస్తున్నది ఒక మనిషి గుండెలోని ఒక్క విశ్వాసాన్ని కాదు, ఆ బాపతు విశ్వాసాన్ని. ఈనాటి వాడుకలో ‘అలాంటి విశ్వాసం’.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కేవలం ‘హే’ ఉంది కాబట్టి ‘అలాంటి’ వచ్చిందని వాదించకండి. ఇదే అధ్యాయంలో 17, 22, 26 వచనాల్లో కూడా విశ్వాసం కర్తగా వచ్చినప్పుడు ‘హే పిస్తిస్’ అనే ఉంది. అందుకే 14వ వచనంలోని ఆర్టికల్‌కు ప్రత్యేకార్థం లేదనే పండితులూ ఉన్నారు. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. అయినా తెలుగులో ‘అలాంటి’ పెట్టడమే సరి అంటాను. ఎందుకంటే నిర్ణయం ఆర్టికల్ ఒక్కదాని మీద కాదు, సందర్భం మీద నిలబడింది. ఆర్టికల్ ఆ చదువును అనుమతిస్తుంది, సందర్భం దాన్ని కోరుతుంది. రోమా 5లో ఆర్టికల్ అనుమతించినా సందర్భం కోరలేదు.

ఆర్టికల్ లేకపోవడం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, అక్కడ ఇంకో గుంట ఉంది. ‘హొ, హే’కు ‘ఆ’ అని అలవాటైనవాళ్లు, ఆర్టికల్ లేనిచోట ‘ఒక’ అంటారు. యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం 8వ వచనం: ‘హొ థెఒస్ అగాపే ఎస్తిన్’. దేవుడికి ఆర్టికల్ ఉంది, ప్రేమకు లేదు. ‘దేవుడు ఒక ప్రేమ’ అని ఒకసారి విన్నాను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక్కడ ఆర్టికల్ చేసే పని ఏమిటంటే, రెండు ప్రథమా విభక్తి మాటల్లో కర్త ఏదో చూపడం. ఆర్టికల్ ఉన్నది కర్త, లేనిది ఆఖ్యాతం. దేవుణ్ని గురించి ప్రేమ అని చెబుతున్నాడు, ప్రేమను గురించి దేవుడని కాదు. తెలుగులో ఆ పని మాటల వరుస చేస్తుంది: దేవుడు ప్రేమ. కర్త ముందు, చెప్పేది తర్వాత. కావాలంటే పాత అనువాదంలా ‘ప్రేమాస్వరూపి’ అనొచ్చు, అది వేరే చర్చ. ‘ఆ’గానీ ‘ఒక’గానీ ఇక్కడ అడుగుపెట్టకూడదు.

కొరింథీ పత్రిక 13వ అధ్యాయం చివరి వచనం కూడా ఇదే నేర్పుతుంది. ‘పిస్తిస్, ఎల్పిస్, అగాపే, త త్రియ తవుత’ అని మూడూ ఆర్టికల్ లేకుండా వస్తాయి, వెంటనే ప్రేమ రెండోసారి ‘హే అగాపే’ అని ఆర్టికల్‌తో. ‘విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ, ఈ మూడూ నిలుస్తాయి. వీటిలో గొప్పది ప్రేమ.’ రెండు చోట్లా ప్రేమ ప్రేమే. ‘ఈ మూడు’లోని ‘ఈ’ ఎక్కడిదనుకున్నారు? ‘త’ అన్న ఆర్టికల్‌ది కాదు, ‘తవుత’ది, అంటే హూతొస్ బహువచనానిది. మోషే దగ్గర చూసినదే ఇక్కడా.

ఆర్టికల్‌తో వచ్చిన భావవాచకాన్ని తెలుగులో కొంచెం పైకెత్తి చూపాలనిపిస్తే మన దగ్గర వేరే సాధనం ఉంది: ‘అనేది’. ‘ప్రేమనేది ఓర్చుకుంటుంది’ అంటే, ప్రేమ స్వభావం ఏమిటో చెప్పబోతున్నారని వినేవాడికి తెలుస్తుంది. ‘హే అగాపే మక్రొథుమెయ్’కు ‘ఆ ప్రేమ’ కంటే ఇది వంద రెట్లు దగ్గర. అలాగని ప్రతి వాక్యంలో పెడితే ఉపన్యాసం అయిపోతుంది. పేరా మొదట్లో ఒకసారి చాలు. ఆ 13వ అధ్యాయాన్ని తర్వాత తిరగరాసినప్పుడు నేను అదీ పెట్టలేదు. ‘ప్రేమ ఓర్చుకుంటుంది. ప్రేమ దయ చూపిస్తుంది’ అని రాసి ఊరుకున్నాను.

ఒక్క రకం మాత్రం వదలడానికి వీల్లేదు, ఊరియా భార్యకు చుట్టం లాంటిది. విశేషణం ముందో, క్రియ ముందో ఆర్టికల్ వచ్చి దాన్ని నామవాచకం చేసే సందర్భం. రోమా 12వ అధ్యాయం 9వ వచనంలో ‘తొ పొనేరొన్’, ‘తోయ్ అగథోయ్’ ఉన్నాయి. చెడ్డ, మంచి అన్న విశేషణాలకు ముందు నపుంసక ఆర్టికల్. తెలుగులో ఆ పని ‘ది’ చేస్తుంది: చెడ్డదాన్ని అసహ్యించుకోండి, మంచిదాన్ని పట్టుకుని ఉండండి. ఫిలిప్పీ 1వ అధ్యాయం 21వ వచనంలో ‘తొ జేన్’, ‘తొ అపొథనెయ్న్’: బతకడం, చనిపోవడం. ఇక్కడ ‘తొ’కు తెలుగు ‘డం’. దాన్ని తీసేస్తే మాటే నిలవదు. ‘తొ జేన్’ కూడా అర్థంలో భావవాచకమే కదా, దీనికి ఎందుకు మాట కావాలి, ‘హే అగాపే’కు ఎందుకు అక్కర్లేదు? అగాపే తనంతట తానే నామవాచకం. జేన్ కాదు. ఆర్టికల్ పక్కన నామవాచకం ముందే ఉంటే దానికి తెలుగులో చాలాసార్లు చేయాల్సిన పని ఉండదు. నామవాచకం లేకపోతే ఆర్టికలే దాన్ని తయారు చేస్తోంది.

మీరు చేసిన భాగాల్లో ఏదైనా ఒకటి తీసి, పెట్టిన ‘ఆ’లన్నింటి కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఒక్కోదాని దగ్గర ఆగి ‘ఏ?’ అని అడగండి. జవాబు అంతకుముందు వాక్యాల్లో దొరికితే, దానికి పోటీగా ఇంకోటి కూడా ఉంటే, ఉంచండి. దొరకకపోతే కొట్టేయండి. తర్వాత గ్రీకు రాని మనిషికి చదివి వినిపించండి. మీ చెవి ఈపాటికి గ్రీకుకు అలవాటు పడిపోయి ఉంటుంది, దాన్ని నమ్మకండి. రోమా 5:12ను, యాకోబు 2:14ను ముందు చేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను. యాకోబు 2:14 దగ్గర ‘ఆ’, ‘అట్టి’, ‘అలాంటి’ల్లో మీరు దేన్ని తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో కూడా రాయండి.